రేటు చెప్పని తప్పులు

బేరమాడకుండా నేను ఒప్పుకున్నది జీవితంలో ఒక్కటే, ఈ ఉద్యోగం. లేకపోతే ఆటో ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి బేరమాడే మనిషిని. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, పక్కది కూడా పుచ్చినట్టే ఉంది కదా, రెండూ కలిపి ఎంతకు పీకుతారని డాక్టరుగారిని అడిగిన చరిత్ర నాది. చిలకలూరిపేటలో మాది బట్టల కొట్టు. నాన్న పక్కన పరుపు మీద కూర్చుని, చీర మడత విప్పడం కన్నా ముందు మనిషి ముఖం చదవడం నేర్చుకున్నాను. అలాంటిదాన్ని, గుంటూరు శివార్లలోని ఒక మిర్చి ఎగుమతి కంపెనీ కొనుగోలు విభాగంలోకి పిలిస్తే, వాళ్ళు చెప్పిన జీతానికి తలూపి వచ్చేశాను. నన్ను తీసుకున్నదే బేరం బాగా చేస్తానని. ఆ మాట విని మా అమ్మ రెండు రోజులు నవ్వింది.

నా పని యార్డులో. తెల్లవారకముందే మిర్చి యార్డుకు వెళ్ళి, కమిషన్ కొట్ల ముందు వరసగా నిలబెట్టిన టిక్కీల్లోంచి కాయ తీసి చూడాలి. మా వైపు మిర్చి బస్తాని టిక్కీ అంటారు. రంగు, నెమ్ము, తాలు చూసి, బేరం చేసి, లాటు కొని కంపెనీకి పంపాలి. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. అది ఎక్కువైతే పొడి రంగు చచ్చిపోతుంది, బయటి దేశం వాడు సరుకు వెనక్కి కొడతాడు.

చేరిన కొత్తలో నా మీద మేనేజరు ఒకావిడ. ఒంగోలు వైపు టీచర్ల కుటుంబం, ఆదివారం చర్చికి తప్ప మరెక్కడికీ సెలవు పెట్టని మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు. నేను కొన్న మొదటి పెద్ద లాటు వచ్చిన రోజున ఆవిడ నన్ను గోడౌన్‌కి పిలిచి, ఒక టిక్కీ కోయించి, కాయంతా పట్టా మీద పోయించింది.

“తాలు ఏరు,” అంది.

ఏరాను. నా ముందు తెల్లటి కుప్ప పెరుగుతూనే ఉంది. తొడిమలు తీసే ఆడవాళ్ళు చూస్తారేమోనని నాకు సిగ్గు. ఆవిడ అది గమనించి వాళ్ళని అవతలి షెడ్డులోకి పంపేసింది. ఆ సంగతి అప్పుడు నాకు పట్టలేదు, చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

“నువ్వు తెచ్చిన శాంపిల్‌లో ఇంత తాలు లేదు. ఎక్కణ్ణుంచి తీశావు?”

“టిక్కీలోంచే మేడం.”

“టిక్కీలో ఎక్కణ్ణుంచి?”

“పైనుంచి.”

“పైన కాయ నీకోసమే పెడతారమ్మాయ్. కళ్ళు బాగానే ఉన్నాయి నీకు. చెయ్యే బద్ధకం. భుజం దాకా లోపలికి పోవాలి.”

ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. మనిషి కాదు, రాయి అనుకున్నాను. మర్నాడు చీకటితో యార్డుకు వెళ్తే ఆవిడ నాకన్నా ముందు అక్కడ ఉంది. లాటు మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి చూపించి, అడుగునుంచి తియ్యమంది. నేను తీస్తుంటే కమిషన్ కొట్టు పెద్దాయన ఒకడు, “ఏంటమ్మా, గర్భంలో చెయ్యి పెట్టినట్టు పెడుతున్నావు,” అని వేళాకోళమాడాడు. ఆవిడ ఆయనతో, “మీరు అడుగున ఏం దాచారో చూస్తోందిలెండి,” అంది. ఆ తర్వాతి లాటు కోసి చూసి, “ఇది సరిపోయింది,” అంది. అంతే, పొగడ్త అయిపోయింది. చేతులు మాత్రం రెండు రోజులు మండాయి. మిర్చి ఘాటుకు కొబ్బరినూనె రాసుకోమని ఆవిడే చెప్పింది.

ఒకసారి నెమ్ము చూసే మీటరు తప్పు చూపించి, ఆవిడ ఒప్పుకున్న లాటు ఒకటి కోల్డ్ స్టోరేజీలో బూజు పట్టింది. అందరి ముందూ, “మీటరు సరిచూడాల్సింది నేను, చూడలేదు,” అని చెప్పింది. మమ్మల్ని ఏ గొంతుతో తిట్టేదో అదే గొంతు.

రెండో సీజనుకు ఆవిణ్ణి నాణ్యత విభాగానికి మార్చి, కొనుగోలుకు తాడేపల్లి ఆఫీసునుంచి ఒకాయన్ని పంపారు. మంచి చొక్కా, మంచి ఇంగ్లీషు, అందరి భుజం మీదా చెయ్యి. వచ్చిన రోజు స్వీట్లు పంచాడు. నేను రెండు తీసుకున్నాను, ఆ సంగతి దాచను.

మొదటి వారంలోనే ఉదయం మీటింగులో నన్ను చూసి, “ఏం బట్టల కొట్టూ, ఇవాళ ఎన్ని గజాలు కోశావు?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మా కొట్టు మీద జోకులు నాకు కొత్త కాదు, సగం నేనే వేస్తాను. ఆ రోజునుంచి నా పేరు పోయింది. లారీ డ్రైవర్ల ముందు, రైతుల ముందు, ఫోనులో, అన్నిచోట్లా బట్టల కొట్టే.

ఆయన మొదట పట్టుకున్న తప్పు మాత్రం నిజమైనదే. నేను కొన్న సరుకు వివరాలు సాయంత్రం తీరిగ్గా పంపేదాన్ని. ఈలోగా లారీలు వచ్చేసి, గోడౌన్‌లో చోటు లేక ఎండలో నిలబడేవి. “లారీ యార్డు దాటేలోపు లెక్క ఇక్కడికి రావాలి,” అన్నాడు. గట్టిగానే అన్నాడు. కానీ ఏం కావాలో తెలిసింది, ఎందుకో తెలిసింది. మర్నాటినుంచి పంపాను. ఆయన దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. బాగుందనీ అనలేదు, సరే అనీ అనలేదు. ఆ ఖాళీలోకి ఇంకో తప్పు వచ్చింది.

చవగ్గా కొంటే, “రంగేదీ? చౌక బుద్ధి పోనిచ్చుకోలేదు.” రంగు చూసి కొంటే, “కంపెనీ డబ్బంటే లెక్కలేదా?” రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో అడిగితే, “అది నీకే తెలియాలి.” ఒకరోజు ఆయన చెప్పిన రేటు హద్దు దాటి కొన్నానని మీటింగులో నిలబెట్టి పావుగంట మాట్లాడాడు. ఆ హద్దు ఆ ఉదయం కొనుగోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. ఆ గ్రూపులోంచి నన్ను ముందు వారమే తీసేశాడు. అదే రోజు నా పక్క సీటు కుర్రాడు, హద్దు చూసి కూడా, నాకన్నా ఎక్కువకు కొన్నాడు. వాడితో, “పర్లేదులేరా, రేపు చూసుకో,” అన్నాడు. వాడు పాపం నావైపు చూడలేక ఫోనులో తల పెట్టాడు.

సాయంత్రం ఒంటరిగా పిలిచి మెత్తగా, “నీ మంచికే చెప్తున్నా. నిన్ను తయారు చేద్దామని,” అనేవాడు. అక్కడే నేను పడ్డాను. మేడం కూడా కఠినంగానే ఉండేది కదా, ఆవిడ దగ్గరే కదా పని నేర్చుకున్నాను, ఇదీ అలాంటిదే అయ్యుంటుందని ఆయనకు నేనే తగ్గింపు ఇచ్చుకుంటూ పోయాను. ఊళ్ళో ఎవడికీ రూపాయి తగ్గించని దాన్ని, ఆయనకి మాత్రం అడక్కుండానే.

చేతిలో పట్టు తప్పింది. లాటు ముందు నిలబడితే కాయ కనిపించేది కాదు, ఆయన ముఖం కనిపించేది. అంతకుముందు కంటితో చూసి చెప్పగలిగిన నెమ్ముని మీటరు పెట్టి రెండుసార్లు చూసుకునేదాన్ని. నాకు పని రాదని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

ఒక ఆదివారం పేట వెళ్ళాను. పెళ్ళిళ్ళ రోజులు, కొట్టు నిండా జనం. ఒకావిడ పట్టుచీర విప్పించి, అంచు దగ్గర పోగు లేచిందని వేలు పెట్టి చూపించింది. కొంగు కుదురుగా లేదంది. “ఈ పోగుకి ఎంత తగ్గిస్తావు?” అని నాన్నతో కత్తులు నూరింది. చివరికి తీసుకుంది. ఆవిడ వెళ్ళాక ఇంకొకావిడ. పరుపంతా చీరలు. ఏది చూపించినా పెదవి విరుపు. “మీ సరుకే అంత. చూడగానే తెలుస్తుంది.” ఏం కావాలమ్మా అంటే, “మంచిది కావాలి.” ఎలాంటిది అంటే, “మీకు తెలియదా, కొట్టు పెట్టుకున్నారు?” ఎంతలో అంటే మాట్లాడలేదు. పక్కన కూర్చున్న చెల్లెలితో ఏదో గుసగుసలాడి, ఇద్దరూ నవ్వుకుని లేచారు.

నేను చీరలు మడుస్తూ నాన్నని అడిగాను. “ఈవిడ ఎందుకు వచ్చినట్టు?”

“మొదటావిడ చీర కొనడానికొచ్చింది. ఈవిడ మనల్ని చిన్నబుచ్చడానికొచ్చింది.”

“ఎలా తెలుసు?”

“పోగు చూపించలేదు కదమ్మా. రేటూ చెప్పలేదు. ఏ రేటు చెప్పినా నేను ఇస్తానేమోనని భయం.”

నేను మడుస్తున్న చీర అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళు కొట్టులో పెరిగి, ఆఫీసులో ఆ రెండో రకం మనిషిని చూసి ఎందుకు గుర్తుపట్టలేదా అని. ఆయన మంచి చొక్కా వేసుకోవడం వల్ల కాబోలు.

వారం తిరక్కుండా నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. పనితీరు మెరుగుపరుచుకునే ప్లాన్ అట. వైఖరి మార్చుకోవాలి, బాధ్యత పెంచుకోవాలి, సంభాషణ మెరుగుపరుచుకోవాలి. మూడు నెలల్లో మెరుగుపడకపోతే ఉద్యోగం ఉండదు. కింద సంతకానికి గీత. అంత పెద్ద యార్డులో కబురు ఉదయం టీ అయ్యేలోపు చుట్టేస్తుంది. పని రాక తీసేశారన్న పేరుతో బయటికి వస్తే నన్ను కొనుగోలుకు పెట్టుకునే కంపెనీ గుంటూరులో ఉండదు. పేటకు వెళ్ళి మళ్ళీ పరుపు మీద కూర్చోవడమే. కొట్టు మీద నాకు చిన్నచూపు లేదు. తరిమేస్తే అక్కడికి పోయాననిపించుకోవడం మాత్రం నాకు పడదు.

“సంతకం పెట్టు,” అన్నాడు.

“చదివి పెడతాను సార్.”

“చదివావుగా. ఏముంది అందులో?”

“అదే సార్, ఏమీ లేదు. అందుకే టైం పడుతుంది.”

ఆ సాయంత్రం ల్యాబ్‌లో మేడం దగ్గరికి వెళ్ళాను. ఓదారుస్తుందని కాదు, ఆవిడ సంగతి తెలుసు. కాగితం చదివి బల్ల మీద పెట్టింది.

“ఇతను చెప్పినవాటిలో నిజం ఎంత?”

నాకు కోపం వచ్చింది. “నిజమా మేడం?”

“ముందు నిజమైనదేదో అది తీసి పక్కన పెట్టు. లేకపోతే రేపు నువ్వు అరుస్తావు, వాళ్ళు ఆ ఒక్కటీ పట్టుకుని నిన్ను బయటికి పంపుతారు.”

ఆలోచించాను. “లెక్క ఆలస్యంగా పంపేదాన్ని. అది నిజమే. సరిచేశాను. మొన్న ఒక లాటులో అడుగు చూడకుండా తీసుకున్నాను, అదీ నిజమే. కంగారులో ఉన్నాను.”

“కంగారు సంగతి తర్వాత. మిగతావి?”

“మిగతావాటికి రూపం లేదండి.”

“అయితే రూపం అడుగు. ఏ రోజు, ఏ పని, ఎలా చెయ్యాల్సింది, ఇప్పుడు ఎలా చేస్తే సరిపోతుంది, ఎవరు చూస్తారు. నోటితో కాదు, మెయిల్లో. తిట్టొద్దు, ఏడవొద్దు. హెచ్‌ఆర్‌కి కూడా కాపీ పెట్టు. పని కోసం కఠినంగా ఉండే మేనేజరైతే కూర్చుని జవాబు రాస్తాడు. నేనైతే రాసేదాన్ని. నీకు నచ్చని జవాబే రాసేదాన్ని.”

“రాయకపోతే?”

“అప్పుడు నీకు తెలుస్తుంది. వాళ్ళకీ తెలుస్తుంది.” మైక్రోస్కోపు వైపు తిరుగుతూ, “నీ లాటులో అడుగు చూడలేదన్నావే, అది ఏది?” అని అడిగింది. చెప్పాను. మర్నాడు ఆ లాటు మొత్తం కోయించింది.

మెయిల్ రాశాను. మూడు విషయాలకూ, ఒక్కొక్కదానికి ఒక్క సందర్భం చెప్పమని, ఏం చేస్తే సరిపోయిందంటారో చెప్పమని. కొనుగోలు గ్రూపులో నన్ను చేర్చమని. అందరి ముందూ నా పేరుతో పిలవమని. రాశాక నాలుగుసార్లు చదివి, రెండు ఎత్తిపొడుపులు కొట్టేశాను. మూడోది చాలా బాగుంది, దాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు, అయినా కొట్టేశాను.

ఆయన జవాబు గంటలో వచ్చింది. ఒకటే వాక్యం. ఇలా ప్రశ్నలు వెయ్యడమే నీ వైఖరి సమస్య, అని.

నిజం చెప్పాలంటే ఆ వాక్యం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్ని నెలలూ గాలిలో ఉన్నది ఒక్కసారి నేల మీద కాలు పెట్టింది. హెచ్‌ఆర్ ఆవిడ తాడేపల్లినుంచి వచ్చి, ఫ్యాక్టరీలో చిన్న గదిలో మీటింగు పెట్టింది. ఆవిడ, ప్లాంటు పెద్దాయన, మా మేనేజరు, నేను. ఆవిడ నా పక్షం కాదు, ముందే చెప్తున్నాను. రెండు ఫోన్లు బల్ల మీద పెట్టుకుని, ఎవరు త్వరగా ఒప్పుకుంటే ఇంటికి పోదామన్నట్టు కూర్చుంది. నాకు అలాంటి బేరాలు కొత్త కాదు.

“ముందు నేను చెప్పనా?” అన్నాను. “ఆలస్యపు లెక్క నా తప్పు. సరిచేశాను, గోడౌన్ వాళ్ళని అడగండి. ఒక లాటు అడుగు చూడలేదు, అదీ నా తప్పు. ఈ రెండింటికీ ప్లాన్ పెట్టండి, ఇప్పుడే సంతకం పెడతాను.”

ప్లాంటు పెద్దాయన తలెత్తాడు. మా మేనేజరు, “చూశారా, తనే ఒప్పుకుంటోంది,” అన్నాడు.

హెచ్‌ఆర్ ఆవిడ ఆయన్ని, “సరే, వైఖరికి ఒక ఉదాహరణ చెప్పండి,” అంది.

“హద్దు చెప్తే దాటి కొంది.”

“హద్దు నాకు చెప్పలేదండి. చెప్పిన గ్రూపులో నేను లేను.”

“ఎందుకు లేరు?” ఆవిడ ఆయన్నే అడిగింది.

“ఎవరినైనా అడిగి కనుక్కోవచ్చుగా. బాధ్యత అంటే అదే.”

“అదే రోజు మిగతావాళ్ళు ఎంతకు కొన్నారు?” అడిగాడు ప్లాంటు పెద్దాయన. అది రికార్డులో ఉన్న సంగతే, తెప్పించుకుని చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“సరే,” అంది హెచ్‌ఆర్ ఆవిడ. “మూడు నెలల తర్వాత ఈవిడ ఏం చేస్తే మీరు మెరుగుపడిందని రాస్తారు?”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “అది చూస్తే తెలుస్తుందండి. ఒక ఫీలింగ్ రావాలి.”

నేను బేరంలో నేర్చుకున్న ఒకే ఒక్క విద్య, అవతలివాడు చెప్పకూడని మాట చెప్పాక నోరు మూసుకోవడం. నాకది చాలా కష్టం. అయినా మూసుకున్నాను.

ఆయనే పూరించాడు. “అసలు ఈ బట్టల కొట్టువాళ్ళకి కార్పొరేట్ పద్ధతి ఏం తెలుస్తుందండీ, ప్రతిదానికీ బేరమే.”

అప్పుడు మాట్లాడాను. “సార్, నా పనిలో తప్పు చూపించండి. మేడం చూపించారు, ఏడ్చాను, నేర్చుకున్నాను. మీరు మొదట చూపించిన తప్పూ నేర్చుకున్నాను. గట్టిగా చెప్పినందుకు నేను ఇక్కడ కూర్చోలేదు. మీరు మా కొట్టు చూపిస్తున్నారు. దాన్ని నేను సరిచేయను. సరిచేసేది అందులో ఏమీ లేదు.”

కాగితం దగ్గరికి లాక్కున్నాను. “ఈ కాగితం మీద సంతకం అందిందనా, ఒప్పుకున్నాననా?”

“అందిందని,” అంది హెచ్‌ఆర్ ఆవిడ.

“అయితే అదే రాస్తాను.” గీత మీద, అందింది, ఒప్పుకోవడం లేదు అని రాసి, సంతకం పెట్టి, బల్ల మీదుగా తోశాను.

సినిమాల్లోలా ఆయన్ని ఆ రోజే తీసేశారని చెప్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. తియ్యలేదు. ఆయన ఇంకా మా విభాగంలోనే ఉన్నాడు. కాగితం మాత్రం మారింది. వైఖరి పోయింది, బాధ్యత పోయింది, సంభాషణ పోయింది. వాటి చోట రెండే చేరాయి, లారీ దాటేలోపు లెక్క పంపాలి, ప్రతి లాటులో అడుగునుంచి శాంపిల్ తియ్యాలి. రెండింటినీ ఆయన ఒక్కడే కాక మేడం కూడా చూసి రాయాలి. గ్రూపులో నన్ను చేర్చారు. పేరుతో పిలవాలని మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ వచ్చిన మర్నాడు మీటింగులో ఆయన నన్ను పిలవాల్సి వచ్చి, పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చదివాడు, కోర్టులో పిలిచినట్టు. “చెప్పండి సార్,” అన్నాను. అంత పొడవు పేరు పలకాల్సిన కష్టం ఆయనది.

ప్లాన్ నడిచిన నెలల్లో మేడం నాకు ఒక్క మెట్టు కూడా తగ్గించలేదు. ఒకసారి శాంపిల్ మూడు టిక్కీల బదులు రెండింటినుంచి తీశానని తప్పు రాసింది. ఆ తప్పు నాదే. ఒప్పుకున్నాను. ఆయన ఆ వారం చాలా సంతోషంగా కనిపించాడు. ఆ తర్వాతి లాట్లన్నిటికీ మేడం సరిపోయిందని రాస్తే, ఆయన కూడా కిందనే సరిపోయిందని రాయాల్సి వచ్చింది. రాసేటప్పుడు పెన్ను చాలాసేపు పట్టుకు కూర్చున్నాడట, పక్క సీటు కుర్రాడు చెప్పాడు.

గడువు ముగిసిన రోజు ఆయన నన్ను పిలిచి, ప్లాన్ పూర్తయిందన్న కాగితం బల్ల చివరకు జరిపాడు. నావైపు చూడలేదు. “ఇక వెళ్ళొచ్చు,” అన్నాడు.

“కాపీ కావాలి సార్.”

“ఫైల్లో ఉంటుంది.”

“నాకు కావాలి.”

ఆయన లేచి, ప్రింటరు దగ్గరికి నడిచి, తనే తీసి ఇచ్చాడు. తీసుకుని మడత పెట్టకుండా చేత్తో పట్టుకుని ఆఫీసు పొడుగునా నడిచాను. బయట యార్డుకు లారీ బయల్దేరుతోంది. ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను.